మనిషిని చేర్చాక మిగిలే పని

పెళ్లి గ్రూపు ఫొటోలో లేని మనిషిని తర్వాత చేర్చమని అడగడం మన స్టూడియోలకు పాత అలవాటే. ఆ రోజు ఊళ్లో లేని అన్నయ్యనో, అప్పటికే పోయిన తండ్రినో పక్కన నిలబెట్టమంటారు. పని చేసేవారు వెలుగు దిశ చూస్తారు, నీడ వేస్తారు, ఎత్తు సరిచూస్తారు, అంచు శ్రద్ధగా కత్తిరిస్తారు. అన్నీ కుదిరినా ఒక్కోసారి ఆ మనిషి అట్టముక్కలా పైకి తేలి కనిపిస్తాడు. చూసేవారికి తేడా తెలుస్తుంది కానీ ఎక్కడుందో చెప్పలేరు. చాలాసార్లు కారణం ఒక్కటే. మిగతా ఫొటో అంతా సన్నటి గరుకుతో నిండి ఉంటుంది, చేర్చిన మనిషి మాత్రం నున్నగా ఉంటాడు.

ఫిల్ములో ఆ గరుకును గ్రెయిన్ అంటాం, డిజిటల్‌లో నాయిస్ అంటాం. రెండింటి పుట్టుక వేరు కాబట్టి వాటిని కలిపే పద్ధతీ వేరు. నలుపు తెలుపు ఫిల్ములో వెలుగు తగిలిన వెండి లవణపు స్ఫటికాలు డెవలప్ చేసినప్పుడు వెండిగా మారతాయి. ఒక్కో స్ఫటికం మైక్రాన్ స్థాయిలో ఉంటుంది, దాన్ని కంటితో చూడలేం. అవి యాదృచ్ఛికంగా ఒకదాని మీద ఒకటి పడి ఒకచోట గుంపుగానూ మరోచోట పల్చగానూ ఏర్పడిన అసమానతే మనకు కనిపించే గ్రెయిన్. కలర్ ఫిల్ములో చివరికి వెండిని తీసేస్తారు. దాని చుట్టూ ఏర్పడిన రంగు మబ్బులు మిగులుతాయి.

ఈ గరుకు ఫొటో అంతటా ఒకేలా ఉండదు. నలుపు తెలుపు ప్రింటును జాగ్రత్తగా చూడండి. నడిమి బూడిద రంగుల్లో, అంటే ముఖాల మీదా సున్నం వెలిసిన గోడ మీదా, గ్రెయిన్ బాగా తెలుస్తుంది. తెల్లటి పంచె మీదా నల్లటి కోటు మీదా చాలా తక్కువ. ప్రింటు కాగితం రెండు కొసల్లోనూ తేడాలను నొక్కేస్తుంది. అచ్చ తెలుపుకు, అచ్చ నలుపుకు దగ్గరపడేకొద్దీ నెగెటివ్‌లో ఉన్న ఎగుడుదిగుళ్లు కాగితం మీదికి రావు. అందువల్ల చేర్చిన మనిషి మీద గరుకును తల నుంచి కాలి దాకా ఒకే మోతాదులో చల్లితే ముఖం బాగుంటుంది, పంచె మాత్రం మురికిగా కనిపిస్తుంది. అతుకును పట్టిచ్చేవాటిలో ఇది ముఖ్యమైనది.

ఒక ఉదాహరణను అంకెలతో చూద్దాం. 35 మి.మీ. ఫిల్ము మీద తీసి 8×10 అంగుళాలకు పెంచిన పాత గ్రూపు ఫొటోను 300 డీపీఐలో స్కాన్ చేశాం. అందులో ఒక్కో తల దాదాపు 180 పిక్సెళ్ల ఎత్తు ఉంది. చేర్చవలసిన అన్నయ్యది పాస్‌పోర్టు సైజు స్టూడియో ఫొటో. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేస్తే తల 590 పిక్సెళ్లు వచ్చింది. కాబట్టి దాన్ని దాదాపు 30 శాతానికి తగ్గించాలి. నునుపు మొదట ఇక్కడే పుడుతుంది. తగ్గించడమంటే పక్కపక్క పిక్సెళ్లను సగటు చేయడమే. సగటు చేస్తే గరుకు తగ్గుతుంది, మిగిలినది కూడా సన్నబడుతుంది. చిన్న ఫొటోను పెద్దది చేస్తే ఇది తిరగబడుతుంది, గ్రెయిన్ బియ్యపు గింజల్లా ఉబ్బి కనిపిస్తుంది.

ముందు కొలవాలి. గ్రూపు ఫొటోలో గీతలూ నీడలూ లేని చదునైన చోట్లు మూడు వెతకండి: గోడ మీద ఒకటి, పంచె మీద ఒకటి, కోటు మీద ఒకటి. ఒక్కోచోట 40 పిక్సెళ్ల చదరాన్ని ఎంచుకుంటే ఫొటోషాప్ హిస్టోగ్రామ్ పట్టీలో `Std Dev` అనే అంకె కనిపిస్తుంది. ఇది ప్రామాణిక విచలనం, మన పనికి గరుకు మోతాదు. 0 నుంచి 255 దాకా ఉన్న వెలుగు స్థాయిల్లో గోడ దగ్గర 6, పంచె దగ్గర 2, కోటు దగ్గర 3 వచ్చాయనుకుందాం. స్కాన్ చేసిన ప్రింటు పట్టు నేతలాంటి కాగితం మీదిదైతే ఈ కొలతలు మోసం చేస్తాయి. స్కానర్ దీపం కింద కాగితపు నేత క్రమమైన చుక్కల వరసగా పడుతుంది, అది గ్రెయిన్ కాదు. అలాంటి ప్రింటుకు ముందు ఆ నేతను వేరే పద్ధతిలో తొలగించాలి.

తగ్గించిన అన్నయ్య ముఖంలో 3 మిగిలిందనుకుందాం. 6 కావాలంటే ఇంకో 3 కలిపితే సరిపోదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని గరుకులు వర్గాల లెక్కన కలుస్తాయి, కాబట్టి కావలసింది √(36 − 9), అంటే దాదాపు 5.2. చాలామంది ముందుగా నాయిస్ తీసేసే ఫిల్టరుతో ముఖాన్ని పూర్తిగా తుడిచి, తర్వాత 6 కలుపుతారు. అదీ పద్ధతే. కానీ ఆ ఫిల్టరు మీసం వెంట్రుకలనూ చర్మపు గీతలనూ కూడా తినేస్తుంది. ఉన్న కొద్దిపాటి గ్రెయిన్‌ను ఉంచుకుని లోటు భర్తీ చేయడమే నాకు నచ్చుతుంది.

తర్వాత గింజ సైజు. కంప్యూటర్ కలిపే `Add Noise`లో ప్రతి పిక్సెలూ పక్కదానితో సంబంధం లేకుండా మారుతుంది. అది ఇసుకలా కరకుగా ఉంటుంది. అసలు గ్రెయిన్ రెండు మూడు పిక్సెళ్ల మేర పరచుకుని మెత్తగా ఉంటుంది. అందుకే 50 శాతం బూడిద రంగు నింపిన కొత్త పొర మీద ఏకవర్ణపు గాసియన్ నాయిస్ వేసి, దానికి 0.8 పిక్సెల్ గాసియన్ బ్లర్ ఇస్తాం. బ్లర్ ఇవ్వగానే మోతాదు పడిపోతుంది. 0.8 పిక్సెల్ దగ్గర అది మొదట్లో ఉన్నదానిలో సుమారు 35 శాతమే మిగులుతుంది. చివరికి 5.2 కావాలంటే బ్లర్‌కు ముందు 15 దాకా ఉండాలి. స్లైడర్ మీది శాతాన్ని నమ్మకుండా మళ్లీ `Std Dev` చూసుకోవాలి. అసలు ఫొటో గోడనూ ఈ పొరనూ 200 శాతం పెంచి పక్కపక్కన పెడితే సైజు కలిసిందో లేదో కంటికే తెలుస్తుంది.

ఈ బూడిద పొరను `Overlay` విధానంలో పెట్టడానికి కారణం ఉంది. అందులో పొర ప్రభావం నడిమి బూడిద దగ్గర పూర్తిగా ఉండి, తెలుపు వైపూ నలుపు వైపూ తగ్గుతూ పోతుంది. ప్రింటు గ్రెయిన్ నడక కూడా దాదాపు అదే. అయితే మన ఉదాహరణలో వెలుగు స్థాయి 235 ఉన్న పంచె దగ్గర పొర ప్రభావం ఆరో వంతు కంటే తక్కువ, అంటే 1 లోపే. కావలసింది 2. కోటు దగ్గర కూడా లోటే. దీన్ని పూరించడానికి అన్ని వెలుగుల్లోనూ సమానంగా పనిచేసే రెండో పొరను `Linear Light` విధానంలో పల్చగా వేసి, మొదటిదాన్ని ఆ మేరకు తగ్గిస్తే మూడు చోట్లా అంకెలు దగ్గరకు వస్తాయి. అర యూనిట్ తేడాను కన్ను పట్టుకోదు.

ఇంత చేసినా ఒక దోషం మిగులుతుంది. మనిషి చుట్టూ దారపు పోగంత సన్నటి నున్నటి గీత కనిపిస్తుంది, కారణం తెలియక అంచును ఇంకా ఇంకా మెత్తబరుస్తూ పోతారు. అలా చేసేకొద్దీ అది వెడల్పవుతుంది. అంచు దగ్గరి పిక్సెల్ సగం మనిషి, సగం గోడ. రెండింటిలోనూ 6 చొప్పున గరుకు ఉన్నా, సంబంధం లేని రెండు గరుకులను సగం సగం కలిపితే వచ్చేది 6 కాదు, 4.2. అక్కడ గరుకు మూడో వంతు దాకా మాయమవుతుంది. సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌లో దీనికి స్థిరపడిన మార్గం ఉంది. ముందు అసలు దృశ్యం నుంచి గ్రెయిన్ తీసేస్తారు. తీసినదాన్ని పారేయకుండా విడిగా దాచుకుంటారు. నున్నటి దృశ్యంలో నున్నటి వస్తువును కలిపి, ఆ తర్వాత అంచుతో నిమిత్తం లేకుండా అన్నిటి మీదా ఒకే గ్రెయిన్ పొర పరుస్తారు. వస్తువు లేనిచోట దాచుకున్న అసలు గ్రెయినే తిరిగి వస్తుంది, వస్తువు మీద కొత్తది పడుతుంది. ఫొటోలోనూ ఇలాగే చేయవచ్చు. గరుకు పొర ముసుగును మనిషి ఆకారానికి అతుక్కునేలా కత్తిరించకుండా, అంచు మీదుగా ఒకటి రెండు పిక్సెళ్లు గోడ వైపు జరిపినా ఆ గీత చాలావరకు పోతుంది.

అసలు ఫొటోలోని గోడ ముక్క నుంచే గ్రెయిన్‌ను ఎత్తుకుని వాడేవారూ ఉన్నారు. ముక్కను బ్లర్ చేసి అసలులో నుంచి తీసివేస్తే మిగిలేది గ్రెయినే. సహజంగానే ఉంటుంది, కానీ ముక్క చిన్నదైతే పక్కపక్కన పేర్చినప్పుడు గళ్ల గుడ్డలా వరసలు తేలుతాయి.

అసలు ఫొటో డిజిటల్‌ది అయితే ఈ లెక్క మారిపోతుంది. వాన మొదలైనప్పుడు వాకిట్లో పక్కపక్కన పెట్టిన గిన్నెల్లో ఒకే సంఖ్యలో చినుకులు పడవు. సెన్సర్‌లోని పిక్సెళ్ల మీద పడే కాంతి కణాలూ అంతే. సగటున 100 పడేచోట తేడా 10 దాకా ఉంటుంది, అంటే 10 శాతం. 10,000 పడేచోట తేడా 100, కానీ అది 1 శాతమే. దీనికి సెన్సర్‌ను చదివే ఎలక్ట్రానిక్స్ సొంత నాయిస్ తోడవుతుంది, అది చీకటి భాగాల్లోనే బయటపడుతుంది. అందుకే డిజిటల్ ఫొటోలో గరుకు నీడల్లో ఎక్కువ. ఇక్కడ `Overlay` పొర వేస్తే గరుకు ఎక్కువ కావలసిన నీడల్లోనే తగ్గిపోతుంది.

పైగా అది ఏకవర్ణం కాదు. సెన్సర్‌లోని ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా రెండూ పక్కవాటి నుంచి లెక్కగట్టినవి. దాంతో నాయిస్ రంగు మరకలుగా పరచుకుంటుంది. పసుపుపచ్చటి బల్బుల కింద తీసిన కల్యాణమండపం ఫొటోలో నీలం కాంతి తక్కువ పడుతుంది. వైట్ బ్యాలెన్స్ దాన్ని హెచ్చిస్తుంది, దాంతోపాటే నీలపు నాయిస్ కూడా పెరుగుతుంది. అలాంటి ఫొటోలో ఛానెళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఎరుపు, ఆకుపచ్చల్లో కలిసిపోయిన మనిషి నీలంలో కత్తిరించిన కాగితంలా కనిపించవచ్చు. కాబట్టి మోతాదును మూడు ఛానెళ్లలోనూ విడివిడిగా కొలిచి విడివిడిగా కలపాలి. ఫోన్ల మధ్య ఎన్నోసార్లు చేతులు మారిన ఫొటో అయితే జేపెగ్ కుదింపు సన్నటి నాయిస్‌ను తినేసి, 8×8 పిక్సెళ్ల గళ్లను మిగుల్చుతుంది. దాని పక్కన అందమైన గ్రెయిన్ కలిపితే ఇప్పుడు మనిషే గరుకుగా, గోడ నున్నగా కనిపిస్తుంది.

సరిచూసుకునేటప్పుడు తెరకు సరిపోయేలా కుదించి చూస్తే లాభం లేదు. కుదింపులో సగటు జరిగి గరుకు తేడాలన్నీ దాక్కుంటాయి. 100 శాతం సైజులో పెట్టి, పైన కర్వ్స్ పొరతో కాంట్రాస్ట్ విపరీతంగా పెంచండి. నున్నటి మచ్చ ఎక్కడున్నా వెంటనే తేలుతుంది. చివరకు చిన్న సైజులో ఫోనులో పంపడానికే అయితే ఈ శ్రమంతా దాదాపు అనవసరం. పెద్ద ప్రింటు వేసి గోడకు పెట్టే ఫొటోకే ఇది అక్కరకు వస్తుంది.

ఇదంతా కంటిని ఒప్పించడానికే. నేర పరిశోధన ప్రయోగశాలల కొలమానం వేరు. ప్రతి సెన్సర్‌లోనూ ఏ పిక్సెల్ ఎంత వెలుగుకు ఎంత స్పందిస్తుందన్న విషయంలో మారని చిన్నచిన్న తేడాలుంటాయి. అవి ఆ కెమెరా తీసే ప్రతి ఫొటోలోనూ ఒకేలా పడతాయి. అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయంలో జెస్సికా ఫ్రిడ్రిక్ బృందం 2006లో ప్రచురించిన పద్ధతి ఈ ముద్రతోనే ఫొటోను తీసిన కెమెరాను గుర్తిస్తుంది. ఫొటోలో ఒకచోట ఆ ముద్ర దొరకకపోతే అక్కడ ఏదో చేర్చారని అనుమానించవచ్చు. మనం చల్లే గ్రెయిన్ యాదృచ్ఛికం కాబట్టి అందులో ఏ కెమెరా ముద్రా ఉండదు.