కుంకుమ రంగు అంటే శాఫ్రన్ కాదు: పట్టుచీరల రంగులపై అపోహలు - వాస్తవాలు

పట్టు నూలుకి రంగు అద్దడం మా ఇంటి వృత్తి. మా నాయన దగ్గర నేర్చుకుని ధర్మవరంలో ఇప్పటికీ అదే చేస్తున్నాను. ఇదివరకు చీర కావాలన్నవాళ్లు పాత రవిక గుడ్డో, చీర చెంగులోంచి లాగిన పోగో తెచ్చి "ఈ రంగు" అనేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో ఒక ఇంగ్లీషు మాట వస్తుంది. ఆ మాట ఇంట్లో అమ్మమ్మ నోటి నుంచి బయలుదేరి, మనవరాలి ఫోన్‌లో ఇంగ్లీషులోకి మారి, కొట్టువాళ్ల దగ్గర మళ్లీ తెలుగై నా దగ్గరికి చేరేసరికి వేరే రంగు అయిపోతోంది. అలా ఎక్కువగా దెబ్బతింటున్నది కుంకుమ రంగు. అందుకే దాని గురించి వివరంగా చెప్పి, మిగతావి క్లుప్తంగా చెబుతాను.

అపోహ: కుంకుమ రంగుని ఇంగ్లీషులో శాఫ్రన్ అంటారు

వాస్తవం: కాదు. ఆ రెండిటికీ పెట్టే రంగు పొడులే వేరు.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో చెబుతాను. సంస్కృతంలో కుంకుమ అంటే కాశ్మీరు నుంచి వచ్చే కుంకుమపువ్వే. మనం మాత్రం నుదుట పెట్టుకునే పొడిని కుంకుమ అంటాం, ఆ పువ్వుని కుంకుమపువ్వు అంటాం. నిఘంటువు తిరగేస్తే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చూసినవాళ్లు శాఫ్రన్ అని రాసేస్తారు.

మన కుంకుమ పసుపు కొమ్ముల్లోంచి పుట్టింది. పాత పద్ధతిలో పసుపు కొమ్ములని నిమ్మరసం, పటిక, వెలిగారంతో నానబెట్టి, ఆరబెట్టి దంచేవాళ్లు. ఇప్పుడు అంగళ్లలో దొరికేదాంట్లో చాలావరకు కలిపిన రంగే. పసుపు ఎర్రగా ఎలా మారుతుందో చూడాలంటే కాస్త పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేయండి. క్షణంలో ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాలకి పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా పసుపు, సున్నమే. మనం కుంకుమ రంగు అనే ఎరుపులో నారింజ తళుకు ఉండదు. పట్టు మీదకి వచ్చేసరికి అది చిక్కటి ఎరుపు, లోపల కొంచెం నలుపు దాగి ఉంటుంది. అలాగని మెరూన్ కూడా కాదు. మెరూన్‌లో గోధుమ ఛాయ ఉంటుంది, అందుకే నీడలో చూస్తే అది మట్టిలా దిగాలుగా కనిపిస్తుంది. కుంకుమ నీడలో కూడా ఎరుపుగానే ఉంటుంది.

ఇక కుంకుమపువ్వు సంగతి. ఆ పువ్వు రేకులు ఊదా రంగు. అందులోంచి తీసే పోగులు ముదురు ఎరుపు. పాలల్లో వేస్తే దిగేది పసుపు. ఒక్క పువ్వులోనే మూడు రంగులు. ఇంగ్లీషులో శాఫ్రన్ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది వీటిలో ఎరుపు కాదు, నారింజకీ పసుపుకీ మధ్య రంగు. మన జెండాలో పై పట్టీకి వాళ్లు వాడే మాట అదే. దాన్ని మనం కాషాయం అంటాం. అంటే అమ్మమ్మ చెప్పిన కుంకుమ శాఫ్రన్‌గా మారి, తిరిగొచ్చేటప్పుడు కాషాయం అవుతుంది.

ఒక పెళ్లి చీర విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పెళ్లికూతురి నాయనమ్మ "కుంకుమ రంగు చీర, పసుపు అంచు" అన్నారు. పిల్ల విదేశంలో ఉద్యోగం చేస్తోంది, తనే కొట్టువాళ్లకి రాసింది. కొట్టు నుంచి నాకు వచ్చిన చీటీలో "కాషాయం, పసుపు అంచు" అని ఉంది. చీటీ ప్రకారమే అద్దాం. అద్దిన నూలు కట్టలు, అంటే చిలపలు ఆరేశాక ఫోటో పంపితే ఆ రాత్రే పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. "సన్యాసులు కట్టుకునే రంగు పెళ్లికూతురికి ఏమిటండీ, మా అత్తగారు భోజనం మానేశారు" అంది. ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఆ ఇంట్లో ఎవరూ కావాలని తప్పు మాట చెప్పలేదు. పెద్దావిడ అన్నది సరైన మాట, మధ్యలో దారి తప్పింది.

నూలు దశలోనే దొరికింది కాబట్టి సరిచేయగలిగాం. లేత నుంచి ముదురుకి వెళ్లడం ఎప్పుడూ తేలిక. కాషాయం అద్దిన చిలపలని తడిపి, కాగుతున్న తొట్టిలో ఎరుపు పెంచి, నారింజ ఛాయ అణగడానికి నీలం చాలా కొద్దిగా కలిపాం. పట్టుకి వాడే ఆమ్ల రంగులు వేడి మీదే పడతాయి, అసిటిక్ యాసిడ్ పోస్తేనే నూలు రంగుని పట్టుకుంటుంది. యాసిడ్ ఒక్కసారిగా పోస్తే రంగు మచ్చలుగా కూర్చుంటుంది, అందుకని విడతలుగా పోస్తూ చిలపలని తిప్పుతూ ఉండాలి. నీలం ఎక్కువైతే కుంకుమ కాస్తా వంకాయ రంగు వైపు వెళ్లిపోతుంది. అందుకే ముందు ఒక చిన్న చిలప అద్ది, ఆరబెట్టి, పగటి వెలుతురులో చూసి, తర్వాతే మిగతావి దించాం. తడి నూలు ఎప్పుడూ అసలు కన్నా ముదురుగా కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు "సరిపోయింది" అనుకుంటే ఆరాక లేతగా తేలుతుంది.

అదే కుంకుమ అద్దాక కాషాయం కావాలని ఉంటే నేను చేతులెత్తేసేవాణ్ణి. ముదురు రంగుని తీయాలంటే హైడ్రోస్ అనే రసాయనం వేసి మరిగించాలి. రంగు పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు, పైగా పట్టు మెరుపు తగ్గి పోగు బలహీనపడుతుంది. మగ్గం మీద తెగిపోతూ నేతగాడి ప్రాణం తీస్తుంది. ఇక చీర నేసేశాక కనిపెడితే ఎవరూ ఏమీ చేయలేరు, అంచు రంగు, జరీ కూడా తొట్టిలో పాడవుతాయి. అందుకే నూలు అద్దగానే ఫోటో కాదు, ఒక పోగు తెప్పించుకోండి.

కాషాయం పక్కనే ఇంకో రెండు ఉన్నాయి, వాటినీ ఇంగ్లీషులో ఆరెంజ్ అనో రెడ్ అనో తోసేస్తున్నారు. సిందూరం అంటే ఆంజనేయస్వామి విగ్రహానికి పూసేది. అది మండే నారింజ, కాషాయం కన్నా ఎరుపు ఎక్కువ. కావి మట్టి రంగు. ఇనుము ఉన్న ఎర్రమన్ను నుంచి వచ్చింది, మెరుపు ఉండదు, ఇటుక పొడిలా పొడిగా ఉంటుంది. తెలంగాణలో దీన్నే జాజు అంటారు, పండగలకి గోడల అడుగున, అరుగుల మీద పూసి దాని మీద ముగ్గు వేస్తారు. మా అవ్వ కూడా ఉగాదికి ముందు గుడ్డ ముక్కని ఎర్రమన్ను నీళ్లలో ముంచి అరుగంతా పూసేది. ఆ పని అయ్యేదాకా మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. ఈ కావిని పట్టు మీదకి తేవడం కష్టం. పట్టుకి పుట్టుకతో మెరుపు ఉంది, కావికి లేదు. కావి రంగు చీర కావాలంటే నూలు చీర లేదా మెరుపు తక్కువుండే టస్సర్ తీసుకోండి, మామూలు పట్టులో అడిగి నిరాశపడకండి.

అపోహ: ఫోన్ ఫోటో పంపితే, లేదా రంగుల చార్టు నంబరు చెబితే మాట తేడా రాదు

వాస్తవం: ఎరుపు దగ్గరే ఫోన్ కెమెరా ఎక్కువగా తప్పుతుంది. చిక్కటి ఎరుపుని లాగి గులాబీగానో నారింజగానో చూపిస్తుంది, తెర మారితే ఇంకోలా ఉంటుంది. చార్టు నంబరు మంచిదే, కానీ అది కాగితం మీద అచ్చయిన రంగు. అదే రంగు పట్టు మీద వెలుగు పడితే ఒకలా, మడత లోపల ఇంకోలా ఉంటుంది. ట్యూబులైటు కింద సరిపోయిన రెండు ముక్కలు ఎండలో విడిపోవడం రోజూ చూస్తాం. కాబట్టి మీ కుంకుమ భరిణలోని రంగుకి దగ్గరగా ఉన్న గుడ్డ ముక్క వెతికి పోస్టులో పంపండి. వేలెడు ముక్క చాలు. అది కూడా దొరక్కపోతే పెద్దవాళ్ల మాటని ఉన్నదున్నట్టు తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు చేయకండి. అద్దేవాడికి తెలుగు వచ్చు.

అపోహ: కుంకుమ రంగు చీర తప్పకుండా రంగు దిగుతుంది

ఇది ఉత్త పుకారు, పెళ్లిళ్ల ముందు ఎవరో ఒకరు దీన్ని మోసుకొస్తారు. ముదురు రంగు ఏదైనా సరే, అద్దాక నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించకపోతే దిగుతుంది. తప్పు రంగుది కాదు, జాడించని చేతిది. అనుమానం ఉంటే తెల్ల గుడ్డ తడిపి చెంగు లోపలివైపు రుద్ది చూడండి.

అపోహ: పచ్చ అంటే గ్రీన్, కనకాంబరం అంటే ఆరెంజ్

పచ్చకామెర్లలో పచ్చ ఆకుపచ్చ కాదు కదా. పచ్చని మేనిఛాయ అన్నా అంతే. పాతకాలం వాళ్లు "పచ్చ చీర" అంటే పసుపుపచ్చా, ఆకుపచ్చా, చిలకపచ్చా అని ఒక్క ప్రశ్న అడగండి, అడిగినందుకు ఎవరూ కోపగించుకోరు. కనకాంబరంలో నారింజతో పాటు లేత గులాబీ ఉంటుంది. ఆ గులాబీ వదిలేస్తే అది నారింజపండు తొక్క రంగు అవుతుంది. మూర పూలు కొని తెచ్చి పక్కన పెట్టుకుని పోల్చుకోండి, అవి వాడిపోకముందే చూడాలి.

అపోహ: నెమలికంఠం అంటే పీకాక్ బ్లూ

వాస్తవం: నెమలికంఠం ఒక్క రంగు కాదు, రెండు రంగుల నేత. నిలువు పోగులైన పడుగు నీలం, అడ్డ పోగులైన పేక ఆకుపచ్చ, లేదా అటుది ఇటు. వెలుగు ఏ పోగుకి అడ్డంగా పడితే ఆ పోగు మెరుస్తుంది, కాబట్టి కుచ్చిళ్లు కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. పీకాక్ బ్లూ అని అద్దించిన రవిక గుడ్డ ఈ చీర పక్కన చదునుగా, వెలిసినట్టు ఉంటుంది. "రంగు తేడా కొట్టింది" అని అప్పుడు నేతగాడి మీద పడతారు.

మీ చీర నిజంగా రెండు రంగుల నేతేనా అని చూడాలంటే చెంగు చివర నేయకుండా వదిలిన పోగులు చూడండి. అవి పడుగు పోగులు, ఒకే రంగులో ఉంటాయి. వాటి పక్కనే నేసిన చోట రంగు వేరుగా కనిపిస్తే రెండో రంగు పేకది. రవిక కావాలంటే విడిగా అద్దించకండి. నేతకి ముందే చెబితే చీర చివర అదే పడుగు మీద, అదే పేకతో రవిక ముక్క నేసిస్తారు. చీర మగ్గం దిగిపోయాక అడిగితే ఆ పడుగు అయిపోయి ఉంటుంది, మళ్లీ అద్దిన నూలు ఎంత దగ్గరగా వచ్చినా అదే రంగు కాదు.