పిల్లి గురగురలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గురగురలాడుతోందంటే పిల్లి బాగానే ఉన్నట్టు.

వాస్తవం: పశువైద్యుడిగా నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే నమ్మకం ఇదే. ఒకసారి ఐదేళ్ల మగపిల్లిని సాయంత్రం పూట తెచ్చారు. పొద్దుటి నుంచి లిట్టర్ ట్రేలోకి పదే పదే వెళ్లి ముక్కుతోందట. "మలబద్ధకం అనుకున్నాం డాక్టర్ గారూ. ఒళ్లో గురగురలాడుతూనే ఉంది కదా, రేపు తెద్దాంలే అనుకున్నాం" అన్నారావిడ.

పొట్ట తడిమితే మూత్రాశయం గట్టి బంతిలా తగిలింది. మూత్రనాళం మూసుకుపోయింది. గుండె విందామంటే స్టెతస్కోప్ నిండా గురగురలే. పక్కనున్న కుళాయి తిప్పాను. నీళ్ల చప్పుడుకి చాలా పిల్లులు గురగుర ఆపేస్తాయి. ఇదీ ఆపింది. గుండె చప్పుళ్లు లెక్కపెడితే నిమిషానికి 110. క్లినిక్‌లో టెన్షన్ పడే పిల్లికి 180 దాకా ఉండాలి. మూత్రం బయటికి పోక రక్తంలో పొటాషియం పెరిగి, గుండె నెమ్మదించింది. గుండెకు రక్షణగా కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి, మత్తులో క్యాథెటర్ వేశాం. బతికింది. ఇలా మూత్రం ఆగిన పిల్లి రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు.

మరి అంత నొప్పిలో గురగుర ఎందుకు? పిల్లికూనలు పుట్టిన కొద్ది రోజులకే పాలు తాగుతూ గురగురలాడతాయి, తల్లీ బదులిస్తుంది. అంటే మొదటి నుంచీ అది "దగ్గరే ఉండు" అనే పిలుపు. సుఖంలోనూ పనికొస్తుంది, ఈనే నొప్పుల్లోనూ, గాయంలోనూ పనికొస్తుంది. అందుకే నేను శబ్దాన్ని పక్కనపెట్టి ముఖం చూస్తాను. చెవులు పక్కలకు తిరిగి, కళ్లు సగం మూసుకుని, మూతి బిగుసుకుని, మీసాలు నిటారుగా ముందుకు వచ్చి, తల భుజాల కన్నా కిందికి వాలి ఉంటే అది నొప్పి. హాయిగా ఉన్న పిల్లి ఒళ్లు వదులుగా ఉంటుంది. తిండి మానేసి, మూలకు చేరి గురగురలాడే పిల్లిని మాత్రం ఆ రోజే చూపించండి.

అపోహ: ప్రతి గురగురకీ మెదడు ఒక్కో ఆజ్ఞ పంపి గొంతు కండరాన్ని కదపాల్సిందే.

వాస్తవం: చాలాకాలం మేమూ అలాగే చదువుకున్నాం. 2023లో వియన్నా పరిశోధకులు, నయంకాని జబ్బుల వల్ల కారుణ్య మరణం ఇచ్చిన 8 పిల్లుల స్వరపేటికల్లోంచి వెచ్చని, తేమగాలి పంపితే, ఏ నరమూ కండరమూ పనిచేయకుండానే సెకనుకు 25 నుంచి 30 కంపనాల గురగుర వచ్చింది. స్వరతంతువుల్లో ఉన్న మెత్తని కణజాలపు దిండ్లు వాటిని బరువెక్కించి, అంత నెమ్మదిగా కంపించేలా చేస్తున్నాయని వాళ్ల వివరణ. అయితే బతికున్న పిల్లిలో కండరాల పాత్ర లేదని దీనర్థం కాదు. ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ శబ్దం ఆగకుండా సాగేది వాటి సాయంతోనే కావచ్చు.

అపోహ: ఆ కంపనాలతో విరిగిన ఎముకలు అతుక్కుంటాయి.

వాస్తవం: తక్కువ కంపనాలు ఎముకకు మేలు చేయవచ్చన్న పరిశోధనల నుంచి పుట్టిన ఊహ ఇది. పిల్లి గురగురతో దాని ఎముక అతుక్కుందని ఎవరూ నిరూపించలేదు. కాలు విరిగిన పిల్లి గురగురలాడుతున్నా ఎక్స్‌రే, నొప్పి మందు రెండూ కావాలి.