పీఈ 8 ఉంటే షేర్ చీప్ అనే లెక్క యాడ్నుంచి వచ్చింది: రూపాయి పావలా రూల్ నుంచి ఎర్రగుంట్ల సిమెంట్ దాకా

కడప, ప్రొద్దుటూరు, అనంతపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య చానా కామన్ అయిపోయిన మెసేజ్ ఒకటుంది, "ఫలానా సిమెంట్ షేర్ పీఈ 8 మాత్రమే, సెక్టార్ పీఈ 30, ఇంకేం చూస్తున్నారన్నా ఎత్తుకోండి" అని. ఎర్రగుంట్ల, చిలమకూరు, తాడిపత్రి, జమ్మలమడుగు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు కళ్ళముందే ఉంటాయి కాబట్టి సిమెంట్ షేర్ అంటే మనవాళ్ళకి తెలిసిన సరుకే అనే ధైర్యం కూడా తోడవుతుంది. కానీ ఈ పీఈ అనే నంబర్‌తో మన దేశంలో ఎట్లాంటి లెక్కలు వేశారు, అవి యాడ తప్పాయి అనేది తెలిస్తే ఆ మెసేజ్‌ని వేరేగా చదువుతాం, అందుకే ఇది రాస్తున్నా.

ముందు బేసిక్. షేర్ ధరని ఒక్కో షేర్‌కి ఏడాదిలో వచ్చిన లాభంతో, అంటే ఈపీఎస్‌తో, భాగిస్తే పీఈ. దీన్ని తిరగేసి చూస్తే మన ఊరి వడ్డీ లెక్కలోకి వచ్చేస్తుంది. పీఈ 20 అంటే వంద రూపాయలు పెడితే దాని వెనక కంపెనీ ఏడాదికి 5 రూపాయలు సంపాదిస్తోందని, నెలకి నూటికి నలభై పైసల పైచిలుకు. పీఈ 8 అంటే ఏడాదికి 12.5, దాదాపు నూటికి రూపాయి వడ్డీ. పీఈ 50 అంటే ఏడాదికి 2 రూపాయలే. తేడా ఏంటంటే అప్పిచ్చినోడికి వడ్డీ చేతికొస్తుంది, ఇక్కడ చేతికొచ్చేది డివిడెండ్ మాత్రమే, మిగతాది కంపెనీలోనే ఉంటుంది, పైగా ఆ వడ్డీ రేటు ఏటా మారిపోతుంది. ఈ రెండో విషయం మీదే మొత్తం కథ నడుస్తుంది.

1992 వరకు మన దేశంలో కంపెనీ కొత్త షేర్లు ఇష్యూ చేయాలంటే ఎంతకి అమ్మాలో కంపెనీ ఇష్టం కాదు, మార్కెట్ ఇష్టమూ కాదు. 1947 నాటి క్యాపిటల్ ఇష్యూస్ కంట్రోల్ చట్టం కింద ఢిల్లీలో కంట్రోలర్ ఆఫ్ క్యాపిటల్ ఇష్యూస్ అనే ఆఫీస్ ఉండేది, ప్రీమియం ఎంత పెట్టాలో వాళ్ళే ఒప్పుకోవాలి. వాళ్ళ దగ్గర ఒక ఫార్ములా ఉండేది. ఒకపక్క కంపెనీ ఆస్తుల్లోంచి అప్పులు తీసేసి షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే నికర ఆస్తి విలువ, ఇప్పుడు బుక్ వాల్యూ అంటున్నాం కదా అదే. ఇంకోపక్క గత మూడేళ్ళ సగటు లాభం తీసుకుని, తయారీ కంపెనీ అయితే దాన్ని 15 శాతం రేటుతో విలువగా మార్చేవాళ్ళు, ట్రేడింగ్ కంపెనీ అయితే 20 శాతం. ఈ రెండిటి సగటు ఆ షేర్ సరసమైన ధర.

ఉదాహరణకి ఒక ఫ్యాక్టరీకి షేర్‌కి నికర ఆస్తి 60 రూపాయలు, మూడేళ్ళ సగటు ఈపీఎస్ 12 అనుకోండి. 12ని 15 శాతంతో భాగిస్తే 80. అరవై, ఎనభై సగటు 70. మార్కెట్లో అదే షేర్ 140కి తిరుగుతున్నా ఇష్యూ ధర 70 చుట్టుపక్కలే ఉండేది (మార్కెట్ ధర చానా పైనుంటే రేటు కొంత సడలించేవాళ్ళు, అయినా తేడా మిగిలేది). 15 శాతం అంటే నూటికి రూపాయి పావలా వడ్డీ, పీఈ భాషలో చెప్తే 6.67. అంటే ఏ తయారీ కంపెనీ అయినా, ఎంత బాగా ఎదుగుతున్నా, సర్కారు దృష్టిలో దాని లాభానికి ఆరున్నర రెట్ల పైచిలుకే విలువ. 1973 ఫెరా చట్టం వచ్చాక విదేశీ కంపెనీలు చాలావరకు తమ వాటా 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చి, కోల్గేట్ లాంటివి ఈ కంట్రోల్ టైంలోనే జనాలకి షేర్లు ఇచ్చాయి, అప్పుడు అప్లికేషన్ పెట్టి అలాట్ అయినవాళ్ళకి అది పెద్ద లాభం.

నాకు ఆ ఫార్ములాలో ఒక విషయం ఇప్పటికీ నచ్చుతుంది, మూడేళ్ళ సగటు తీసుకోవడం. ఎదుగుదలకి విలువ ఇవ్వకపోవడం దాని పెద్ద లోపమే, కానీ ఒక్క ఏడాది లాభాన్ని నమ్మకపోవడం మాత్రం సరైన పని. అమెరికాలో బెంజమిన్ గ్రాహం కూడా ఏడు నుంచి పదేళ్ళ సగటు లాభం చూడమనే చెప్పాడు. ఇప్పుడు యాప్ ఓపెన్ చేస్తే కనపడే పీఈ గత పన్నెండు నెలల లాభం మీద మాత్రమే ఉంటుంది.

1992లో ఆ చట్టం రద్దయింది, ధర నిర్ణయం కంపెనీకీ మార్కెట్‌కీ వదిలేశారు, సెబీకి చట్టబద్ధ అధికారం వచ్చింది కూడా అదే ఏడాది. సరిగ్గా అప్పుడే బొంబాయి షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కథ. 1990 జులైలో మొదటిసారి 1,000 దాటిన సెన్సెక్స్ 1992 ఏప్రిల్‌కి 4,467 దాకా పోయింది, ఇండెక్స్ పీఈ 50 దాటింది. ఆ పరుగులో అందరికన్నా ముందున్నది ఒక సిమెంట్ కంపెనీయే, ఏసీసీ, రెండు వందల చిల్లర నుంచి దాదాపు 9,000కి. లాభాన్ని బట్టి ఆ ధర ఎట్ల చూసినా నిలబడదు కాబట్టి అప్పుడు ముందుకు తెచ్చిన వాదన రీప్లేస్‌మెంట్ కాస్ట్, అంటే ఏసీసీకి ఉన్న ఫ్యాక్టరీలన్నీ ఈరోజు కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో షేర్ విలువ కూడా అంత ఉండాలని. బ్యాంకుల డబ్బు అడ్డదారిలో మార్కెట్లోకి వచ్చిందని బయటపడ్డాక ఏడాదిలో సెన్సెక్స్ సగానికి పడింది. అసలు ఆ కొలత తప్పు కాదు, కొత్త ప్లాంట్ ఖర్చు అనేది సిమెంట్‌లో పనికొచ్చే లెక్కే, కానీ ఆ ప్లాంట్ ఎంత సంపాదిస్తుందో, కంపెనీకి అప్పు ఎంతుందో వదిలేసి అదొక్కటే పట్టుకుంటే ఏ ధరనైనా కరెక్టే అని చూపించొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న, సిమెంట్ షేర్ పీఈ 8 ఉంటే చీపా? ఒక ఊహా కంపెనీ తీసుకుని లెక్క వేద్దాం. ఏడాదికి 30 లక్షల టన్నుల ప్లాంట్, మొత్తం అమ్ముడుపోతోందనే అనుకుందాం. మంచి ఏడాదిలో టన్నుకి ఖర్చులు పోను 1,000 రూపాయలు మిగిలితే 300 కోట్లు. అందులో అప్పుల వడ్డీ, తరుగుదల కలిపి 100 కోట్లు పోతే 200, పన్ను పావు భాగం పోతే 150 కోట్లు. షేర్లు 3 కోట్లు, కాబట్టి ఈపీఎస్ 50. షేర్ ధర 400, పీఈ 8. గ్రూపులో మెసేజ్ వచ్చేది సరిగ్గా ఇప్పుడే.

తర్వాతి ఏడాది బస్తా మీద 25 రూపాయలు తగ్గింది అనుకోండి. ఇల్లు కట్టించుకున్న ఎవర్నడిగినా చెప్తారు బస్తా రేటు అంతకన్నా ఎక్కువే అటూఇటూ అవుతుందని. టన్నుకి 20 బస్తాలు, అంటే టన్ను మీద 500 పోయింది. 300 కోట్లు 150 అయింది, కానీ వడ్డీ, తరుగుదల 100 కోట్లు మాత్రం అట్లే ఉంటాయి, మిగిలింది 50, పన్ను పోను 37.5 కోట్లు. ఈపీఎస్ 12.5. బస్తా రేటు తగ్గింది పాతిక రూపాయలే, లాభం మాత్రం నాలుగో వంతుకి పడిపోయింది. షేర్ 400 నుంచి 250కి దిగొచ్చింది, ఇప్పుడు పీఈ చూస్తే 20. పీఈ 8 దగ్గర చీప్ అని కొన్నోడు షేర్‌కి 150 నష్టపోయాడు, పీఈ 20 చూసి ఖరీదు అని వదిలేసినోడు ఆ తర్వాత బస్తా రేటు కోలుకుంటే 50 ఈపీఎస్ వచ్చే షేర్‌ని 250కి కొనే ఛాన్స్ పోగొట్టుకున్నాడు. సిమెంట్, స్టీల్, చక్కెర లాంటి వాటిల్లో పీఈ బాగా తక్కువ కనపడేది చాలాసార్లు లాభం శిఖరం మీద ఉన్నప్పుడే, దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు, కనీసం ఏడెనిమిదేళ్ళ ఈపీఎస్ ఒక వరుసలో రాసుకుని ఈ ఏడాది అంకె ఆ వరుసలో యాడ ఉందో చూస్తే చాలు.

అందుకే సిమెంట్ వాళ్ళు పీఈ పక్కన ఇంకో లెక్క పెట్టుకుంటారు, టన్నుకి ఎంటర్‌ప్రైజ్ వాల్యూ. షేర్లన్నిటి మార్కెట్ విలువకి అప్పు కలిపి, చేతిలో క్యాష్ తీసేసి, ప్లాంట్ సామర్థ్యంతో భాగించడం. మన ఊహా కంపెనీకి 600 కోట్ల నికర అప్పు ఉంటే 400 ధర దగ్గర 1,200కి 600 కలిపి 1,800 కోట్లు, టన్నుకి 6,000 రూపాయలు. 250 దగ్గర 1,350 కోట్లు, టన్నుకి 4,500. పీఈ ఖరీదైంది అంటున్న టైంలో ఈ లెక్క చీప్ అయింది అంటోంది, పైగా పీఈలో అసలు కనపడని అప్పు ఇందులో కనపడుతుంది. రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఆలోచనే ఇది, అప్పుని కూడా లెక్కలోకి తెచ్చి బుద్ధిగా వాడితే ఇట్ల ఉంటుంది.

ఇంతవరకు చెప్పిందంతా లాభం నిజమైనప్పటి సంగతి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు దొంగలెక్కలు చూపించానని ఒప్పుకున్న లెటర్ వచ్చినరోజు ఆంధ్రాలో మర్చిపోయినోళ్ళు తక్కువ. అంతకుముందే, 2008 డిసెంబర్లో రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలు కొనబోయి వెనక్కి తగ్గడంతో షేర్ పడింది, పీఈ చూసి ఇంత పెద్ద ఐటీ కంపెనీ ఇంత చీపా అని కొన్నవాళ్ళున్నారు. ఆ లెటర్ ప్రకారం ఆ క్వార్టర్‌లో చూపించిన నిర్వహణ లాభం 649 కోట్లు, నిజంగా వచ్చింది 61 కోట్లు. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల క్యాష్‌లో 5,040 కోట్లు లేనేలేదు. కింద ఉన్న అంకె అబద్ధమైతే పైన భాగహారం ఎంత కరెక్ట్‌గా చేసినా ఏం లాభం. షేర్ ఆ ఒక్కరోజే 180 దగ్గర్నుంచి 40కి వచ్చింది. యాన్యువల్ రిపోర్ట్‌లో క్యాష్ ఫ్లో పేజీ తీసి, నాలుగైదేళ్ళ లాభం మొత్తం కలిపి, వ్యాపారం నుంచి చేతికొచ్చిన డబ్బు మొత్తంతో పోల్చాలి, రెండోది ఏటా బాగా తక్కువ ఉంటే ఆ ఈపీఎస్ మీద పీఈ కట్టకూడదు. సత్యం లాగా క్యాష్ అంకెనే మార్చేస్తే అది కూడా సరిపోదు, బ్యాంకులో అంత డబ్బుంటే దాని మీద వడ్డీ ఆదాయం ఎంత వచ్చిందో కూడా చూడాలి.

అబద్ధం లేకపోయినా ఏ లాభం తీసుకున్నారు అన్నదాన్ని బట్టే పీఈ మారిపోతుంది. 2021 మార్చి ఆఖరున ఎన్ఎస్ఈ నిఫ్టీ పీఈ లెక్కని మార్చింది, అంతవరకు కంపెనీల సొంత లాభమే చూసేది, అప్పట్నుంచి సబ్సిడరీల లాభం కూడా కలిపిన కన్సాలిడేటెడ్ లెక్క. ఒక్కరోజులో 40 దగ్గరున్న పీఈ 33 దగ్గరికి వచ్చింది, ధరలు మాత్రం అట్లే ఉన్నాయి. పాత పీఈ చార్ట్ చూపించి మార్కెట్ చీప్ అయిందనేవాళ్ళు ఆ తేదీ దగ్గర గీత ఎందుకు కిందికి పడిందో చెప్పరు.

మన పక్కనే జరిగిన డీల్‌తో లెక్క సరిచూసుకోవచ్చు. 2024 జూన్‌లో తాడిపత్రి దగ్గర ప్లాంట్లున్న పెన్నా సిమెంట్‌ని అంబుజా కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అప్పుతో కలిపి పెట్టిన విలువ 10,422 కోట్లు. అప్పటికి నడుస్తున్న సామర్థ్యం కోటి టన్నులు, కడుతున్నది ఇంకో 40 లక్షలు. మొత్తం మీద భాగిస్తే టన్నుకి సుమారు 7,440 రూపాయలు, నడుస్తున్నదాని మీద మాత్రమే అయితే 10,422. లిస్టెడ్ సౌత్ సిమెంట్ కంపెనీ ఏదైనా చూసేటప్పుడు దాని టన్ను రేటుని ఈ రెండు అంకెల పక్కన పెట్టండి, ఆ కంపెనీ ప్లాంట్ ఏడాదిలో ఎంత శాతం నడుస్తోందో కూడా పక్కనే రాసుకోండి, ఎందుకంటే సౌత్‌లో డిమాండ్ కన్నా సామర్థ్యం ఎక్కువ, సగం నడిచే ప్లాంట్‌కి పూర్తిగా నడిచేదాని టన్ను రేటు రాదు.