నెగడు దగ్గర చేతులు చాపొద్దు

మా కోరాపుట్ వైపు చలికాలమంటే నెగడు. డిసెంబరు పొద్దున సిమిలిగుడలో ఏ వాకిట చూసినా నలుగురు మంట చుట్టూ చేతులు చాపి కూర్చునుంటారు. మా బావమరిది ఆ అలవాటుని ఉత్తరాఖండ్ ట్రెక్కి కూడా మోసుకెళ్ళాడు, గొడవంతా అక్కడే వచ్చింది.

తడిసిన గ్లవ్‌తోనే మంచులో గంటలకొద్దీ నడిచి క్యాంపుకి వచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు మైనంలా తెల్లబడ్డాయి, నొక్కితే చెక్కలా ఉన్నాయి. పొద్దుటి నొప్పి లేదు కదా, తగ్గిపోయిందనుకున్నాడు. నిజానికి స్పర్శే పోయింది. ఒకడు రుద్దాడు, ఇంకొకడు స్టవ్ దగ్గర పెట్టించాడు. చర్మం కమిలిన వాసన పక్కవాళ్ళకి వచ్చింది గానీ వీడికి తెలీలేదు!

చలికి ఒళ్ళు గడ్డకట్టే ఈ దెబ్బని ఫ్రాస్ట్‌బైట్ అంటారు. ఇందులో కణాల చుట్టూ నీరు గడ్డకట్టి సన్నటి మంచు పలుకులవుతుంది. పైనుంచి రుద్దితే అసలే దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది, మంచుతో రుద్దడమైతే మరీ ఘోరం. మంట వేడిని కొలవలేం, స్పర్శ లేని వేలు 'కాలుతోంది' అని చెప్పలేదు.

పనికొచ్చేది గోరువెచ్చటి నీళ్ళు. 37 నుంచి 39 డిగ్రీలు, అంటే ఒంటి వేడి కంటే కొంచెం ఎక్కువ, జ్వరం చూసే థర్మామీటర్ చాలు. అది లేకపోతే దెబ్బ తగలని మనిషి అరనిమిషం మోచేయి ముంచి చూడాలి. ఉంగరాలు ముందే తీసెయ్యాలి, తర్వాత వాపొస్తుంది. గడ్డకట్టిన వేళ్ళు గిన్నెలో నీళ్ళని చల్లార్చేస్తాయి కాబట్టి, చెయ్యి బయటికి తీసి వేడినీళ్ళు కలిపి, మళ్ళీ చూసి ముంచాలి. చర్మం మెత్తబడి ఎర్రగానో ఊదాగానో మారేదాకా, దాదాపు అరగంట. ఆ అరగంట నొప్పి భరించడం కష్టం, అది మామూలే. పడనివాళ్ళు కాకపోతే ఐబుప్రొఫెన్ ఇస్తారు. తర్వాత వేళ్ళ మధ్య దూది పెట్టి వదులుగా కట్టాలి, బొబ్బలు చిదమకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. కరిగించిన వేలు మళ్ళీ గడ్డకడితే మొదటిసారి కంటే నష్టం చాలా ఎక్కువ. ఇంకా మంచులో దిగాల్సిన దారి ఉంటే, కావాలని కరిగించకుండా అలాగే దిగడమే నయం. కాలివేళ్ళైతే మరీనూ, కరిగాక అడుగు వెయ్యలేరు, గడ్డకట్టిన కాలితో మాత్రం ఎలాగోలా నడిచి రావచ్చు. కిందికొచ్చాక మాత్రం పెద్దాసుపత్రికి పరుగే, రక్తపు గడ్డలు కరిగించే మందు పనిచేసేది వేళ్ళు కరిగిన మొదటి 24 గంటల్లోనే. వేలు నల్లబడగానే కోసేస్తారని భయపడక్కర్లేదు, ఏది బతికిందో తేలడానికి వారాలూ నెలలూ పడుతుంది.

మావాడికి వేళ్ళు దక్కాయి, గోళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి. ఎక్కువ బాధపెట్టింది మాత్రం స్టవ్ కాల్చిన పుండే. ఇప్పటికీ జయపురంలో కాస్త చలేస్తే ఆ రెండు వేళ్ళూ సలుపుతాయట.