ప్రింటర్‌కి యూపీఎస్, స్టెబిలైజర్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన మొదలైతే కొమ్మలు తీగల మీద పడతాయి. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు మనవాళ్లు నడిపే జిరాక్స్ షాపుల్లో సాధారణంగా ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, రంగుల కోసం ఒక ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఉంటాయి. అలాంటి షాపునే లెక్కలోకి తీసుకుందాం.

అపోహ: యూపీఎస్‌లో ఒక సాకెట్ ఖాళీగా ఉంది కదా, లేజర్ ప్రింటర్ అందులో పెట్టేయొచ్చు.

పెట్టకూడదు. కంప్యూటర్లకు వాడే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే మోయగలదు. లేజర్ ప్రింటర్‌లో పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ ఒక హీటరు. అది వేడెక్కే కొన్ని సెకన్లపాటు చిన్న ప్రింటరైనా 800, 900 వాట్లు లాగుతుంది. డబ్బా మీద రాసే 300, 400 వాట్లు ప్రింటింగ్ సగటు మాత్రమే, ఆ సెకన్ల లెక్క కాదు. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఈ బరువు పడితే యూపీఎస్ కూత పెట్టి ఆగిపోతుంది, దాంతోపాటు కంప్యూటరూ ఆగిపోతుంది.

రెండో చిక్కు కరెంటు ఆకారంలో ఉంది. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది నున్నటి అల కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఫ్యూజర్ వేడిని నియంత్రించే సర్క్యూటు అల సున్నా దాటే క్షణాన్ని చూసి పనిచేస్తుంది, మెట్ల అలలో ఆ లెక్క తప్పుతుంది. హెచ్‌పీ లేజర్ ప్రింటర్లలో `50` అంకెతో మొదలయ్యే ఫ్యూజర్ ఎర్రర్ వస్తే, ఫ్యూజర్ మార్చే ముందు ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి.

అపోహ: ప్రింట్ ఇచ్చినప్పుడు లైట్లు మసకబారుతున్నాయి, కాబట్టి స్టెబిలైజర్ కావాలి.

ముందు మల్టీమీటరుతో చూడాలి. అదే బోర్డులో పక్క సాకెట్ దగ్గర వోల్టేజీ కొలవండి. ప్రింటరు ఖాళీగా ఉన్నప్పుడు 228 ఉందనుకుందాం. ప్రింటరు ఆపి మళ్లీ వేస్తే మొదటి వేడికి కొన్ని సెకన్లు పడుతుంది, అప్పుడు మళ్లీ చూడండి. 224 కనిపిస్తే పరవాలేదు. 215కి పడితే లోపం ఎక్కువగా వైరింగులోనే ఉంటుంది. 900 వాట్లంటే సుమారు 4 ఆంపియర్లు. పడిపోయిన 13 వోల్టులను 4 ఆంపియర్లతో గుణిస్తే 50 వాట్లకు పైనే దారిలో వేడిగా పోతోంది. అది వదులైన స్క్రూ దగ్గరో, సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలోనో పోతుంటే అక్కడ ప్లాస్టిక్ కరుగుతుంది. చేత్తో ముట్టుకుంటే ప్లగ్గు వెచ్చగా తగలడం దీనికి గుర్తు.

ఇక్కడ స్టెబిలైజర్ పెడితే అది వోల్టేజీని పైకెత్తడానికి అదే తీగ నుంచి ఇంకొంచెం ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడి పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్ చేత 16 ఆంపియర్ల సాకెట్‌కు విడిగా లైను లాగించండి. ప్రింటర్ ఖాళీగా ఉన్నా పొద్దస్తమానం 190 దాటని చోట మాత్రం స్టెబిలైజర్ పనికొస్తుంది. లేజర్‌కైతే అది 2 కేవీఏకి తగ్గకూడదు.

అసలు భయపడాల్సింది వీధిలో న్యూట్రల్ తెగడం. అప్పుడు సాకెట్‌లో 230 బదులు 300 దాటి, 400 దరిదాపుల దాకా రావచ్చు, ప్రింటరు పవర్ బోర్డు కాలిపోతుంది. వోల్టేజీ హద్దు దాటగానే లైను తెంచి, సర్దుకున్నాక రెండు మూడు నిమిషాలు ఆగి కలిపే 16 ఆంపియర్ల హై-లో కటాఫ్ లేజర్‌కి సరైన కాపలా. స్టెబిలైజర్ కొంటున్నా ఈ కటాఫ్ అందులో ఉందో లేదో అడగండి. ఇది లేకపోతే కరెంటు పోగానే ప్లగ్గు తీసేయడమే మార్గం.

అపోహ: ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కి కరెంటు పోయినా నష్టం లేదు.

చిన్న యూపీఎస్ నిజంగా అక్కరకొచ్చేది దీనికే. ప్రింట్ చేసేటప్పుడు ఇది లాగేది 15, 20 వాట్లే. కంప్యూటరు, మానిటరు, రౌటరుతో కలిపినా మొత్తం 200 వాట్ల లోపే ఉంటుంది, 600 వీఏ సరిపోతుంది.

మధ్యలో కరెంటు పోతే ఇంకు చిమ్మే హెడ్ ఉన్నచోటే ఆగిపోతుంది, కుడివైపు రబ్బరు మూత కిందికి చేరదు. రాత్రంతా అలా ఉంటే రంధ్రాల్లో ఇంకు ఎండిపోయి, మర్నాడు ప్రింటులో తెల్ల గీతలు పడతాయి. వాటిని పోగొట్టడానికి చేసే ప్రతి క్లీనింగ్‌కూ ఇంకు ఖర్చవుతుంది, అదంతా లోపలి వేస్ట్ ప్యాడ్‌లో చేరుతుంది. యూపీఎస్ ఇచ్చే ఐదు నిమిషాల్లో ఆ పేజీ పూర్తిచేసి, ప్రింటరు మీదున్న బటన్‌తో ఆపాలి. షాపు మూసేటప్పుడు నేరుగా బోర్డు స్విచ్ తీసేసే అలవాటుంటే, రోజూ మనమే కరెంటు కట్ చేసినట్టు. ముందు బటన్ నొక్కి, దీపం పూర్తిగా ఆరాకే స్విచ్ తీయండి.

లేజర్‌లో కాగితం మధ్యలో ఆగిపోతే ఫ్యూజర్ చల్లబడేదాకా ఆగి, వెనుక తలుపు తెరిచి, కాగితాన్ని అది వెళ్లే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగండి. దాని మీది పొడి ఇంకా అతుక్కోలేదు. చేతికంటితే చన్నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లకు అది అతుక్కుపోతుంది.