అపోహలు - వాస్తవాలు: ముందువెనకలుగా నడిచే సినిమాను పట్టుకోవడం ఎలా

తిరుపతిలో సినిమా వేసి చర్చ పెట్టినప్పుడు, అది కాలం ముక్కలుగా తిరిగే సినిమా అయితే, లైట్లు వెలగ్గానే వచ్చే ప్రశ్న ఒకటే: "అది ముందర జరిగిందా, యెనక జరిగిందా సామీ?" అడిగేవాళ్ళలో చాలామంది లోపం తమ బుర్రలోనే ఉందని కుంగిపోతారు. లోపం బుర్రలో లేదు, చూసే పద్ధతిలో ఉంది.

అపోహ: సీన్లన్నిటినీ జరిగిన వరుసలో మనసులో పేర్చుకుంటూ చూడాలి.

ఎక్కువమందిని ముంచేది ఇదే. పోయిన సీన్‌ను ఎక్కడ పెట్టాలా అని లెక్క వేస్తుండగానే తెరమీద ఇంకో సీన్ నడిచిపోతుంది. అందులోని ముఖం, మాట, వస్తువు కంటబడవు. అరగంట తిరిగేసరికి పేర్చడానికి కావలసిన ఆనవాళ్ళే చేతిలో ఉండవు.

వాస్తవం: చూస్తున్నంతసేపూ గుర్తుంచుకోవలసింది వరుస కాదు, అతుకు. అంటే ఒక ముక్క ఏ షాట్‌తో మొదలైంది, ఏ షాట్‌తో తెగింది అన్నది.

క్రిస్టఫర్ నోలన్ తీసిన 'మెమెంటో' (2000) తీసుకుందాం. చూడనివాళ్ళు ఈ మూడు పేరాలు దాటేయండి, ఇందులో గుట్టు విప్పక తప్పదు. హీరో లెనార్డ్‌కు కొత్త జ్ఞాపకాలు నిలవవు. సినిమాలో రెండు పాయలు మార్చి మార్చి వస్తాయి. నలుపు తెలుపు సీన్లు మామూలుగా ముందుకే నడుస్తాయి. రంగుల సీన్లు వెనక్కి వెళతాయి. ఒక రంగుల ముక్క ఎక్కడ మొదలైందో, తర్వాత చూపే రంగుల ముక్క అక్కడికొచ్చి ఆగుతుంది. కాబట్టి ప్రతి రంగుల ముక్కలో మొదటి షాట్ ఒక్కటి గుర్తుంటే చాలు, అది మళ్ళీ కనబడగానే రెండు ముక్కలూ వాటంతటవే అతుక్కుంటాయి.

ఒక ముక్కలో నాటలీ అనే ఆమె దెబ్బతిన్న ముఖంతో ఇంట్లోకి వస్తుంది. డాడ్ అనేవాడు కొట్టాడంటుంది. లెనార్డ్ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. తర్వాత చూపే ముక్క దానికి ముందు జరిగింది. ఆమె ఇంట్లోని పెన్నులన్నీ దాచేసి, నోటికొచ్చినట్టు తిట్టి అతన్ని రెచ్చగొడుతుంది. కొట్టింది లెనార్డే. ఆమె బయటికెళ్ళి కారులో కూర్చుంటుంది. రాసుకోవడానికి పెన్ను దొరక్క అతను జరిగింది మరిచిపోయాక మళ్ళీ లోపలికి వస్తుంది. అదే తలుపు, అదే ముఖం: అతుకు అక్కడుంది. ఇదే వరుసగా చూపి ఉంటే ఆమె మోసం మనకు ముందే తెలిసిపోయేది, లెనార్డ్ ఎలా మోసపోయాడో మనకు అనుభవంలోకి వచ్చేది కాదు. వరుస మార్చింది తికమక పెట్టడానికి కాదు, ఇందుకు.

రెండో ఆనవాలు దెబ్బలు. పగిలినవి, గాయాలు, పెరిగిన గడ్డం, ఇవి సాధారణంగా ఒకవైపుకే నడుస్తాయి. డాడ్ తుపాకీ పేల్చినప్పుడు లెనార్డ్ కారు అద్దం పగులుతుంది. అద్దం లేని కారు కనబడిందంటే ఆ సీన్ కాల్పుల తర్వాతిదే. తేదీ వెతకక్కర్లేదు. చివర్లో ఒక పోలరాయిడ్ ఫోటో మీద బొమ్మ తేలుతుండగా నలుపు తెలుపు సీన్ కాస్తా రంగుల్లోకి మారుతుంది. రెండు పాయలూ కలిసేది అక్కడే.

పేర్చడం తప్పని కాదు, దానికి వేళ ఉంది. ఇంటర్వెల్‌లో మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎన్ని కాలాలు నడుస్తున్నాయి? ఒక్కోదాన్ని దేనితో గుర్తుపడుతున్నాను? ఏ సీన్ సగంలో తెగి ఉంది? మూడోది ముఖ్యం, సెకండాఫ్ బాకీ ఉన్నది దానికే. కాగితం మీద వరుస వేయడం సినిమా అయ్యాకే.

అపోహ: ఇది విదేశీ పద్ధతి, మన జనానికి ఎక్కదు.

ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజు గుళ్ళ దగ్గర మధ్యాహ్నం హరికథగా, రాత్రి నాటకంగా నడిచే భారతం సంగతేమిటి? ఆదిపర్వంలో అర్జునుడి మనవడు పరీక్షిత్తు పాము కాటుకు చనిపోవడం ముందు వస్తుంది. అతని కొడుకు జనమేజయుడు సర్పయాగం చేస్తాడు, ఆ జనమేజయుడికి వైశంపాయనుడు తాతముత్తాతల కథ చెబుతాడు, అదంతా సూతుడు శౌనకాది మునులకు చెబుతుంటాడు. కథ లోపల కథ, దాని లోపల ఇంకో కథ. ఎవరు ఎవరికి చెబుతున్నారో పట్టుకుని చెట్టు కింద కూర్చున్న జనం హాయిగా వింటారు. సినిమాలోనూ ఫ్లాష్‌బ్యాక్ మొదలవగానే ముందు అడగాల్సింది అదే: చెప్పేదెవరు, వినేదెవరు?

అపోహ: ఫ్లాష్‌బ్యాక్‌లో చూపింది జరిగిందే.

అది చెప్పేవాడి వాంగ్మూలం, అంతే. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'రషోమాన్' (1950)లో ఒకే ఘటనను బందిపోటు, భార్య, చనిపోయిన సమురాయ్ ఆత్మ, కట్టెలు కొట్టేవాడు నాలుగు రకాలుగా చెబుతారు. నాలుగూ పొసగవు. చెప్పేవాడు తాను లేని చోటును చూపిస్తున్నా, ప్రతిసారీ తనే మంచివాడుగా తేలుతున్నా ఆ ఫ్లాష్‌బ్యాక్ పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

నలుపు తెలుపైతే గతమే అన్నది కూడా నియమమేమీ కాదు. మీరు చూస్తున్న సినిమా ఏ గుర్తు వాడుతోందో మొదటి రెండు మూడు మార్పుల్లోనే సాధారణంగా తెలిసిపోతుంది. అందుకే ఇలాంటి సినిమాకు ఆలస్యంగా వెళ్ళకండి. వెళ్ళాల్సి వస్తే పక్కవాళ్ళను "ఏం జరిగింది?" అని కాక, "ఎన్ని కాలాలు నడుస్తున్నాయి, దేన్ని బట్టి తెలుస్తోంది?" అని అడగండి.