అడ్రసు లేని థ్యాంక్స్

బుజ్జీ, చిన్నోడా, ఇంకా ఈ ఉత్తరం ఎవరి చేతికి చిక్కితే వాళ్లూ,

మొన్న ఫోనులో బుజ్జి అడిగింది. "తాతా, పక్కింటి మామకి థ్యాంక్స్ చెప్పాను కదా, అయినా అవ్వ 'అంతేనా?' అంటుంది. ఇంకేం చెప్పాలి?" అని.

చిన్నోడికి జరిగింది తెలీదు కాబట్టి చెబుతున్నా. పదో తరగతి లెక్కల పరీక్ష రోజు మన బుజ్జి హాల్ టికెట్ ఇంట్లో వదిలేసి సెంటరుకి వెళ్లిపోయింది. మామ ఆటోలో తెచ్చి ఇచ్చాడు. ఇది అందుకుని "థ్యాంక్స్ మామా" అని లోపలికి పరిగెత్తింది. పరిగెత్తాలి కూడా, అక్కడ నిలబడి మాట్లాడుతుంటే గేటు మూసేవాళ్లు. నా గొడవంతా సాయంత్రం గురించే. వీధిలో ఆయన ఎదురైతే మళ్లీ అదే "థ్యాంక్స్ మామా", అదీ ఫోను చూసుకుంటూ. ఆయన "పర్లేదులేమ్మా" అని వెళ్లిపోయాడు.

నేను పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు సార్టింగ్ చేసినోణ్ణి. అప్పుడప్పుడు పేరు, కింద "తిరుపతి" అని మాత్రమే రాసిన కవరు వచ్చేది. లోపల ఎంత ప్రేమ ఉందో ఏమో, ఏ గూట్లో వేయాలి దాన్ని? నీ థ్యాంక్స్ అలాంటి కవరే. బస్సులో సీటు జరిగినాయనకీ అదే, చిల్లర ఇచ్చిన కండక్టరుకీ అదే, మామకీ అదే. 517501 అని వేస్తే ఊరి దాకా వస్తుంది, మనిషి దాకా రావాలంటే వీధి, డోర్ నంబరు కావాలి. ఆయన చేసిన పని డోర్ నంబరు. దానికోసం ఆయన వదులుకున్నది వీధి. నీకేమైందో అది ఫ్రమ్ అడ్రసు. మరి స్టాంపు ఏంటని అడక్కండి, ఈ పోలిక అంతవరకే లాగుతుంది.

ఆయన వదులుకున్నది నీకు తెలుసా? అవ్వనడిగి కనుక్కున్నా. పొద్దున బస్టాండు నుంచి అలిపిరికి పోయే యాత్రికులే ఆయనకి మంచి బేరం, ఆ రోజు క్యూలో ముందుకొచ్చిన బండిని పక్కకి తీసి వచ్చాడంట. గేటు దగ్గర నువ్వు కనపడకపోతే చేతిలో హాల్ టికెట్ ఫొటో చూపిస్తూ పిల్లలందరినీ అడిగాడంట. మరి ఇలా చెప్పొచ్చు కదా: "మామా, బేరం వదులుకుని వచ్చినావంట, గేటు దగ్గర నా ఫొటో పట్టుకుని అందర్నీ అడిగినావంట. నేను వెనక గోడ దగ్గర ఏడుస్తా ఉన్నా. నీ గొంతు వినపడినాకే నాకు ఊపిరి వచ్చింది." అంతే, పది సెకన్లు పట్టదు.

నువ్వు మాత్రం "నేను బతికిపోయా, నాకెంత టెన్షనో" అని నీ కథే చెప్పేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. అందులో మామ ఎక్కడున్నాడు? అలాగని "నువ్వు దేవుడివి మామా" అనకు, ఆయన తల వంచుకుని మాట మారుస్తాడు. "నిన్ను ఎంత కష్టపెట్టానో" అని ఏడుపు మొహం పెడితే నిన్ను ఓదార్చే పని కూడా ఆయనకే పడుతుంది. అన్నిటికన్నా చెడ్డది, థ్యాంక్స్ చెప్పి వెంటనే "రేపు కూడా దింపుతావా" అనడం. అప్పుడది అర్జీ. మంచినీళ్ల గ్లాసు అందించినోళ్లకి ఇంత అక్కర్లేదు, ఒక నవ్వు చాలు.

నా చిన్నప్పుడు పాకాల దగ్గర మా ఊళ్లో, బడికి పోయే దారిలో ఒక అవ్వ నాకు రాగి సంకటి, ఊరిబిండి పెట్టేది. అప్పట్లో మాకు థ్యాంక్స్ అనే మాటే తెలీదు, పెద్దోళ్లయితే "నీ కడుపు చల్లగా" అనేవాళ్లు, అది పిల్లోడు అవ్వతో అనే మాట కాదాయె. ఒకరోజు రోట్లో చూసినా, మొదట కొంచెం ఎండుమిరపకాయలతో నూరి నాకు తీసి పక్కన పెట్టి, తర్వాత ఇంకో గుప్పెడు వేసి ఇంట్లోవాళ్లకి నూరుతా ఉంది. "అవ్వా, నాకోసం కారం తగ్గించి ముందే తీస్తా ఉండావా?" అన్నా. ఆమె రోకలి ఆపేసింది. ఏం మాట్లాడలేదు, కొంగుతో మొహం తుడుచుకుని ఇంకో ముద్ద పెట్టింది. నేను థ్యాంక్స్ చెప్పినట్టా, ప్రశ్న అడిగినట్టా, ఇప్పటికీ తెలీదు నాకు.

ఇప్పుడు చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అంటావు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అని ఇద్దరు పరిశోధకులు మనుషుల చేత కృతజ్ఞతతో ఉత్తరాలు రాయించి, 2018లో ఆ సంగతి ప్రచురించారు. అవతలివాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుందని రాసినవాళ్లు అనుకున్నదానికన్నా అది తక్కువే ఉందంట, సంతోషమేమో అనుకున్నదానికన్నా ఎక్కువ. పాత ఉత్తరాల మనిషిని, నాకు ఇందులో ఆశ్చర్యమేం లేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి మామ వేపచెట్టు కింద ఆటో నీడకి పెడతాడు కదా, అప్పుడు వెళ్లు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లు. చెప్పేసి వెంటనే రావద్దు, కాసేపు నిలబడి చూడు. "పర్లేదులే" అని అటు తిరిగితే చేరలేదన్నమాట. "అవునమ్మా, ఆ రోజు సిగ్నల్ దగ్గర ఏమైందంటే..." అని తన వైపు కథ మొదలుపెట్టాడా, చేరింది. ఆ కథ మొత్తం విని, నాకు రాయి.

మీ తాత